మార్కెట్‌లో మంటలు ఆరాక రాసే కృతజ్ఞతల ఉత్తరంలో ఏముండాలి?

మార్కెట్‌లో నిప్పంటుకుని, ఫైరింజన్లు వచ్చి, తెల్లారేసరికి అంతా సద్దుమణిగాక, రెండు మూడు రోజులకి వర్తకుల సంఘం ఆఫీసులో నలుగురూ కూర్చుని ఒక ఉత్తరం రాస్తారు. "ప్రాణాలకు తెగించి మంటలను ఆర్పిన అగ్నిమాపక సిబ్బందికి, నిస్వార్థంగా సేవలందించిన యువకులకు మా హృదయపూర్వక ధన్యవాదాలు" అని మొదలవుతుంది, అధ్యక్షుడి సంతకంతో ముగుస్తుంది. మనసులో ఉన్నదే రాశారు, తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే మార్కెట్ పేరొక్కటి మార్చేస్తే ఇదే ఉత్తరాన్ని ఏ ఊళ్ళో ఏ అగ్నిప్రమాదానికైనా పంపించుకోవచ్చు. ఆ రాత్రి ఎవరు ఏం చేశారో ఇందులో ఒక్క ముక్క ఉండదు. స్టేషన్‌లో వాళ్ళు చదివి సంతోషించి ఫైల్లో పెట్టేస్తారు, అంతకుమించి దాంతో ఎవరికీ పని ఉండదు.

ఇది కాస్త వేరేగా రాయొచ్చు. అలా రాయాలంటే ముందు ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో తెలియాలి. చూసినవాళ్ళకి కనిపించింది వేరు, పని జరిగింది వేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊహించుకున్నదే, కానీ బెంగళూరు పేటల్లో తిరిగినవాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు. చిక్‌పేట, బళేపేట, మామూల్‌పేట వైపు ఉండే ఒక హోల్‌సేల్ బట్టల సందు. దుకాణదారుల్లో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు కొందరు, హమాలీల్లో అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు. మూడంతస్తుల పాత బిల్డింగు, కింద దుకాణం, పైన గోడౌను. ఆదివారం రాత్రి పదకొండు గంటలకి మొదటి అంతస్తు కిటికీలోంచి పొగ వస్తోందని పక్క బిల్డింగు వాచ్‌మన్ చూశాడు. షట్టర్లన్నీ దించేసి ఉండే వేళల్లో అంటుకున్న మంట బయటికి కనిపించేసరికే లోపల బాగా ముదిరిపోతుంది. 2012 ఫిబ్రవరిలో శివాజీనగర్ రసెల్ మార్కెట్ అంటుకున్నది కూడా తెల్లవారుజామునే, వందకు పైగా దుకాణాలు పోయాయి.

వాచ్‌మన్ ఫోన్ చేశాడు, పావుగంటలో మొదటి ఇంజను వచ్చింది. వచ్చింది కానీ సందులోకి పోలేదు. ఇంజను వెడల్పే దాదాపు ఎనిమిది అడుగులు, సందు పేరుకి పదడుగులు, అందులో రెండు పక్కలా స్కూటర్లు, దుకాణాల ముందుకి పొడుచుకొచ్చిన ఇనుప రేకులు, పైన టార్పాలిన్లు. ఇంజను మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. నిప్పున్న బిల్డింగు అక్కణ్ణుంచి నూట ఇరవై మీటర్లు. ఆ రాత్రి జరిగినదంతా ఈ నూట ఇరవై మీటర్ల చుట్టూనే తిరిగింది.

హోస్ పైపులు మన దగ్గర సాధారణంగా పదిహేను మీటర్లవో ముప్పై మీటర్లవో ఉంటాయి, ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవాలి. ముప్పై మీటర్లవైతే నాలుగు. ఖాళీగా ఉన్నప్పుడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. నీళ్ళు వదిలాక సంగతి వేరు. అరవై మూడు మిల్లీమీటర్ల హోసులో మీటరుకి మూడు లీటర్లకి పైగానే నీళ్ళు పడతాయి, అంటే ముప్పై మీటర్ల ముక్క ఒక్కటే తొంభై కిలోలు దాటుతుంది. మొత్తం వరసలో మూడువందల డెబ్బై కిలోల దాకా నీళ్ళు ఉంటాయి. కొసన నీళ్ళు చిమ్మే గొట్టాన్ని, అంటే బ్రాంచ్‌ని పట్టుకున్న ఇద్దరు మనుషులు మెట్లెక్కి పైకి పోవాలంటే వెనక ఆ బరువునంతా మలుపు మలుపు దగ్గరా ఎవరో ఒకరు ముందుకి నెట్టాలి. ఇంజనుతో వచ్చేదే నలుగురైదుగురు.

సందు మలుపుల దగ్గర నిలబడి, ఫైర్‌మన్ "వదలండి", "లాగండి" అన్నప్పుడల్లా హోసు ఎత్తి ముందుకి జరిపిన హమాలీలు సరిగ్గా ఇక్కడ పనికొచ్చారు. నిప్పుకి దూరంగా, పొగ లేనిచోట, చెప్పినంత వరకే. ఫొటోలో ఇది ఏమంత గొప్పగా కనిపించదు, ఫొటో ఎవరూ తీయరు కూడా. అయినా ఉత్తరంలో పేరు పెట్టి రాయాల్సిన పనుల్లో ఇది మొదటిది. "యువకులు సహకరించారు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "సందులో రెండు మలుపుల దగ్గర హోసు జరపడానికి హమాలీలు నిలబడ్డారు, దానివల్ల సిబ్బంది ఇద్దరూ బ్రాంచ్ దగ్గరే ఉండగలిగారు" అని రాస్తే ఏం జరిగిందో తెలుస్తుంది.

ఇక నీళ్ళ లెక్క. ట్యాంకుతో వచ్చే మామూలు ఫైరింజన్, అంటే వాటర్ టెండరులో నాలుగున్నర వేల లీటర్లు ఉంటాయి. ఒక బ్రాంచ్ నుంచి నిమిషానికి నాలుగైదు వందల లీటర్లు పోతాయనుకుంటే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. రెండు లైన్లు పెడితే ఐదు నిమిషాలు. జనం "నీళ్ళు లేకుండా వచ్చారు" అని తిట్టేది దాదాపు ప్రతిసారీ ఈ ఘట్టంలోనే. వాళ్ళు నీళ్ళతోనే వచ్చారు, అయిపోయాయి. రెండో ఇంజను, వెనకాల బౌజరు అనే పెద్ద నీళ్ళ బండి, జలమండలి ట్యాంకర్లు వరసగా వచ్చేదాకా మధ్యలో ఆగకుండా చూసుకోవడమే అసలు టెన్షన్, ఎందుకంటే ఐదు నిమిషాలు నీళ్ళు ఆగితే అంతవరకూ చల్లార్చింది మళ్ళీ వేడెక్కుతుంది. మన ఉదాహరణలో మెయిన్ రోడ్డు మీద ఒక కల్యాణ మంటపం ఉంది, దాని సంపులో ఇరవై వేల లీటర్లు నిండుగా ఉన్నాయి. మంటపం మేనేజరుని నిద్రలేపి, సంపు మూత తీయించి, ఇంజను డ్రైవరుకి చూపించిన మనిషి ఒక లైను మరో నలభై నిమిషాలు నడవడానికి కారణమయ్యాడు. ఉత్తరంలో ఆ మనిషికి ఒక వాక్యం, ఆ మంటపానికి ఒక వాక్యం. సంపు ఎక్కడుందో, ఇంజను పక్కన నిలబడి పీల్చుకోగలిగేంత దగ్గరగా ఉందో లేదో కూడా రాస్తే స్టేషన్ వాళ్ళకి ఆ కాగితం ఇంకోసారి తీసి చూసుకునే కాగితం అవుతుంది.

డ్రైవరు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఇంజను డ్రైవరు బండి ఆపేసి కూర్చోడు, పంపు నడిపేది అతనే. లోపల ఇద్దరు బ్రాంచ్ పట్టుకుని నిప్పుకి ఎదురుగా ఉన్నప్పుడు వాళ్ళకి నీళ్ళు తగ్గకుండా, ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి హోసు చేతుల్లోంచి ఎగిరిపోకుండా గేజీల మీద కన్నేసి గంటల తరబడి అక్కడే నిలబడతాడు. మంటకి నూట ఇరవై మీటర్ల దూరంలో రోడ్డు మీద ఉంటాడు కాబట్టి సంఘం వాళ్ళ ఉత్తరంలో ఎప్పుడూ ఉండడు. సన్మానాల్లో కూడా శాలువా చివరి వరసకి వచ్చేసరికి అయిపోతుంది.

ఉత్తరం రాసేటప్పుడు సంఘంలో ఒకరిద్దరు గొణుగుతారు: "వాళ్ళు లోపలికెళ్ళి పావుగంటకే బయటికొచ్చేశారు కదా, దీనికింత పొగడాలా?" దీనికి సమాధానం తెలిసుంటే ఉత్తరం ఇంకాస్త నిజాయితీగా వస్తుంది. వీపున మోసుకెళ్ళే గాలి సిలిండరు మామూలుగా ఆరు లీటర్లది, మూడువందల బార్ల ఒత్తిడితో నింపుతారు, అంటే పద్దెనిమిది వందల లీటర్ల గాలి. బరువు మోస్తూ, మెట్లెక్కుతూ, వేడిలో పనిచేసే మనిషి నిమిషానికి నలభై నుంచి అరవై లీటర్లు పీల్చేస్తాడు. అరగంట, మహా అయితే ముప్పావుగంట. అందులో లోపలికి పోవడానికి, తిరిగి రావడానికి కొంత తీసేయాలి, సిలిండరు అడుగంటుతున్నప్పుడు విజిల్ మోగుతుంది, అది మోగాక ఇంకా లోపలే ఉండటం ధైర్యం కాదు. బట్టలు, ఫోమ్, ప్లాస్టిక్ కవర్లు కాలిన పొగలో గాలి లేకుండా ఉండటం ఎలాంటిదో ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2010లో కార్ల్‌టన్ టవర్స్‌లో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు, అక్కడ జనాన్ని కిటికీల దాకా తరిమింది పొగే.

ఇంకో కారణం బిల్డింగు. పేటల్లో పాత మేడలు చాలావాటికి కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చి కట్టిన మద్రాస్ టెర్రస్ కప్పులు ఉంటాయి. దూలం కాలుతోంది, దాని మీదున్న బట్టల మూటలు పైపొరల్లో నీళ్ళు పీల్చుకుని ఒక్కొక్కటీ బరువెక్కుతున్నాయి. ఒక టెండరు నీళ్ళు మొత్తం లోపలే నిలిచిపోతే నాలుగున్నర టన్నులు. అందుకే ఒక దశలో ఆఫీసరు అందరినీ బయటికి పిలిచేసి, ఎదుటి డాబా మీంచి కిటికీల్లోకి కొట్టించాడు. బయట నిలబడ్డవాళ్ళకి అది వెనకడుగులా కనిపించింది. సరుకు పోయిన యజమానికి మరీను. ఉత్తరంలో "సిబ్బందిని సకాలంలో బయటికి పిలిచిన అధికారి నిర్ణయం వల్ల ఎవరికీ గాయాలు కాలేదు" అని ఒక వాక్యం పడితే, రేపు ఎవరైనా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినప్పుడు ఆ అధికారికి అండగా నిలిచే కాగితం అదొక్కటే కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా ఉత్తరాల్లో జారిపోయేది రెండో సగం. "రెండు గంటల్లో మంటలను అదుపులోకి తెచ్చారు" అని రాస్తారు, నిజమే, ఒంటిగంటకల్లా కిటికీల్లో మంట కనిపించలేదు, జనం ఇళ్ళకి పోయారు. కానీ బట్టల గోడౌన్లో అసలు గొడ్డుచాకిరీ అప్పుడే మొదలవుతుంది. గట్టిగా బిగించి కట్టిన మూట మీద ఎంత నీళ్ళు కొట్టినా పైపొర తడుస్తుంది తప్ప నీళ్ళు లోపలికి దిగవు, లోపల నిప్పు మంట లేకుండా రాజుకుంటూనే ఉంటుంది. గంటో, నాలుగు గంటలో, ఒక్కోసారి మర్నాడు మధ్యాహ్నమో, గాలి తగలగానే మళ్ళీ లేస్తుంది. దీనికి ఒక్కటే మార్గం. మూటల్ని కొక్కేలతో ఒక్కొక్కటిగా లాగి, తాళ్ళు కోసి, విప్పి, పొరలు విడదీసి తడపాలి. ఆరేడు వందల మూటలున్న గోడౌన్లో ఈ పని ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోవచ్చు. చేతిని కాస్త దూరంగా పెట్టి చూస్తే వేడి తెలుస్తుంది, తడి మూట మీంచి ఒకేచోట సన్నగా ఆవిరి లేస్తుంటే దాని లోపల ఇంకా నిప్పుందని అర్థం.

ఈ పని చేసేది చాలాసార్లు మొదట వచ్చినవాళ్ళు కూడా కాదు. తెల్లవారుజామున వేరే స్టేషన్ నుంచి వచ్చిన బృందం, లేదా షిఫ్టు మారి వచ్చినవాళ్ళు. మంట లేదు, జనం లేరు, కెమెరాలు లేవు, మసి, బురద, కాలిన నైలాన్ కంపు. మర్నాడు పది గంటలకి కూడా ఒక ఇంజను, ఇద్దరు మనుషులు అక్కడే ఉన్నారు. వాళ్ళ పేర్లు సంఘానికి తెలియవు కాబట్టి ఉత్తరంలో ఉండవు. తెలుసుకోవడం కష్టమేం కాదు, స్టేషన్‌కి వెళ్ళి ఆ రాత్రికి ఏ ఏ స్టేషన్ల నుంచి బండ్లు వచ్చాయో, చివరి బండి ఎప్పుడు తిరిగివెళ్ళిందో అడిగితే రికార్డులో ఉంటుంది. ఉత్తరంలో రెండు టైములూ రాయాలి, మంట అదుపులోకి వచ్చినదీ, చివరి బండి కదిలినదీ. మధ్యలో తొమ్మిది గంటలు ఉంటే ఆ తొమ్మిది గంటలకీ ధన్యవాదాలు చెప్పాలి కదా.

ఇప్పుడు వాలంటీర్ల సంగతి, ఇది కొంచెం సున్నితం. ఆ రాత్రి వాళ్ళు చేసినవన్నీ మంచివే కాదు. స్కూటర్లు ఎత్తి పక్కన పెట్టినవాళ్ళు, టార్పాలిన్లు కోసి దించినవాళ్ళు, ఇంజను ఏ వైపు నుంచి రావాలో కూడలిలో నిలబడి చూపించినవాళ్ళు, విద్యుత్ సరఫరా ఆపించడానికి బెస్కామ్ లైన్‌మన్‌ని పట్టుకొచ్చినవాళ్ళు, పై అంతస్తులో రాత్రిపూట ఇద్దరు కుర్రాళ్ళు పడుకుంటారనీ వెనక టిఫిన్ హోటల్లో గ్యాస్ సిలిండర్లు ఉన్నాయనీ ఆఫీసరుకి రాగానే చెప్పినవాళ్ళు: వీళ్ళు చేసిన సాయం ఇంతా అంతా కాదు. ఆ ఆఖరి సమాచారమైతే మొదటి ఐదు నిమిషాల్లో చెప్పగలిగేది స్థానికులు ఒక్కరే.

అదే రాత్రి మరో ఇద్దరు కుర్రాళ్ళు సరుకు కాపాడదామని కాలుతున్న దుకాణం షట్టరు పైకెత్తబోయారు. మూసిన గదిలో గాలి అయిపోయి మంట మందగించి, వేడి పొగ కూరుకుని ఉంటుంది. షట్టరు ఎత్తగానే కింది నుంచి గాలి దూసుకుపోయి మొత్తం ఒక్కసారిగా భగ్గుమని మొహం మీదికి వస్తుంది. అదృష్టం బాగుండి ఒక ఫైర్‌మన్ చూసి ఆపాడు. వాళ్ళ ధైర్యాన్ని శంకించక్కర్లేదు, కానీ "ప్రాణాలను లెక్కచేయకుండా మండుతున్న దుకాణంలోకి దూసుకెళ్ళిన యువకులు" అని ఉత్తరంలో రాసి, అది మార్కెట్ నోటీసు బోర్డు మీద అంటిస్తే, వచ్చేసారి ఆ షట్టరు దగ్గర ఇద్దరు కాదు, పదిమంది ఉంటారు. పొగడ్త కూడా ఒకరకంగా సూచనే. ఆ ఇద్దరినీ తిట్టొద్దు, పొగడొద్దు, ఆపిన ఫైర్‌మన్‌కి మాత్రం ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

పేర్లు రాసేముందు అడగాలి. ఒకవేళ ఎవరైనా తాళం పగలగొట్టి సంపు మూత తీసి ఉంటే, ఆ మనిషి, మంచికే చేసినా, కాగితం మీద తన పేరు చూసి కంగారుపడొచ్చు. హమాలీల పేర్లు మేస్త్రీని అడిగి రాసుకోవాలి, "కార్మిక సోదరులు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా. సంఘం కమిటీ సభ్యుల పేర్లు మాత్రం ఎవరూ అడక్కుండానే వచ్చి చేరతాయి, దాని గురించి దిగులక్కర్లేదు.

ఉత్తరంలో రాయకూడనివి ముఖ్యంగా రెండు. ఒకటి కారణం. "షార్ట్ సర్క్యూట్ వల్ల సంభవించిన ప్రమాదంలో" అని అలవాటుగా రాసేస్తారు. విచారణ ఇంకా అవ్వలేదు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వాళ్ళు చూడలేదు, ఎవరో అన్నారు, అంతే. రెండోది నష్టం అంకె. "కోట్లాది రూపాయల సరుకు కాపాడారు" అన్నా, "యాభై లక్షలు బూడిదైంది" అన్నా, అది సంఘం లెటర్‌హెడ్ మీద ఉన్న లిఖితపూర్వకమైన మాట. తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు దగ్గరికి దుకాణదారుడు స్టాక్ రిజిస్టరు, జీఎస్టీ లెక్కలు పట్టుకుని వెళ్ళినప్పుడు అంకెలు తేడా వస్తే ఇబ్బంది పడేది అతనే. క్లెయిముకి కావాల్సింది అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ రిపోర్టు, దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. కృతజ్ఞతల ఉత్తరంలోనే చివర "దయచేసి రిపోర్టు త్వరగా ఇప్పించగలరు" అని తగిలించేవాళ్ళు కూడా ఉన్నారు. అలా రాస్తే పైన చెప్పిన ధన్యవాదాలన్నీ దరఖాస్తుకి ముందుమాటలా తయారవుతాయి. హైడ్రెంట్ కావాలి, సందు వెడల్పు చేయాలి అనే డిమాండ్లు కూడా అంతే, ఇంకో కాగితం, ఇంకో రోజు.

ఇవన్నీ పెట్టుకుని రాస్తే ఉత్తరం ఇంచుమించు ఇలా వస్తుంది:

"ఆదివారం రాత్రి మా సందులో మొదటి అంతస్తు గోడౌన్‌కి నిప్పంటుకున్నప్పుడు, ఫోన్ చేసిన పావుగంటలో మీ మొదటి బండి వచ్చింది. మా స్కూటర్లు, మా రేకుల వల్ల అది సందులోకి రాలేకపోయింది. మీ సిబ్బంది నూట ఇరవై మీటర్ల హోసు వేసి పని మొదలుపెట్టారు. పై అంతస్తులో నిద్రపోతున్న ఇద్దరిని ముందు దించారు. నీళ్ళు ఆగకుండా పంపు దగ్గర తెల్లవార్లూ నిలబడిన డ్రైవర్లకి, కప్పు బలహీనపడుతోందని గుర్తించి అందరినీ బయటికి పిలిచిన అధికారికి, షట్టరు ఎత్తబోయిన మా కుర్రాళ్ళని ఆపిన ఫైర్‌మన్‌కి, ఒంటిగంటకి మంట తగ్గాక కూడా మర్నాడు పది గంటలదాకా మూటలు విప్పి చల్లార్చిన రెండో బృందానికి మా ధన్యవాదాలు. మలుపుల దగ్గర హోసు జరిపిన హమాలీలకి, సంపు తెరిచి ఇచ్చిన కల్యాణ మంటపానికి, బెస్కామ్ లైన్‌మన్‌కి, ట్యాంకర్ల డ్రైవర్లకి కూడా. సందులో ఎడమ పక్క బండ్లు పెట్టకూడదని ఈ వారం తీర్మానం చేసుకున్నాం."

ఒక పేజీ కూడా లేదు. "మా స్కూటర్లు, మా రేకుల వల్ల" అనే మాట దగ్గర కమిటీలో కచ్చితంగా గొడవ అవుతుంది, మనమే ఒప్పుకున్నట్టు కాదా అని. అగ్నిమాపక శాఖకి అది కొత్త విషయమేమీ కాదు, హోసు మోసింది వాళ్ళే. ఆ మాట తీసేస్తే చివరి వాక్యానికి అర్థం లేకుండా పోతుంది.

మాట్లాడుకునేది తెలుగులోనే అయినా శాఖకి పంపే ప్రతి కన్నడలో ఉండాలి, అది ఆఫీసు భాష, పైగా చదివేవాళ్ళలో చాలామందికి ఇంటి భాష. సంఘంలో కన్నడ బాగా రాసే గుమాస్తా ఒకరు ఎలాగూ ఉంటారు. హమాలీలకి, మంటపం వాళ్ళకి ఇచ్చేది ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో. స్టేషన్ ఆఫీసరు పేరున అసలు ప్రతి, జిల్లా అగ్నిమాపక అధికారికీ డైరెక్టర్ జనరల్ ఆఫీసుకీ నకళ్ళు, ఎందుకంటే స్టేషన్‌లోనే ఉండిపోయిన పొగడ్త ఆ సిబ్బంది సర్వీసు ఫైలు దాకా పోయే అవకాశం తక్కువ. వేరే స్టేషన్ నుంచి వచ్చిన బృందానికి విడిగా ఒకటి పంపాలి, మొదటి స్టేషన్ ద్వారా అందుతుందిలే అనుకోవద్దు. కవర్లో డబ్బు పెట్టడం, ఖరీదైన కానుకలు ఇవ్వడం లాంటివి వద్దు. ప్రభుత్వోద్యోగుల నడవడిక నియమాల కింద తీసుకున్నవాళ్ళకే అది తలనొప్పి. ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఏ షిఫ్టు వాళ్ళు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, వాళ్ళున్న రోజే వెళ్తే మేలు.